స్పా మెనూ తెలుగు, ఇంగ్లీషుల్లో రాయాలి: "చికిత్స", "విముక్తి" లేకుండా ఎలా?

లావణ్య_విజయనగరం

అందరికీ నమస్కారం. విజయనగరంలో ఒక హోటల్ కింది అంతస్తులో చిన్న స్పా తెరుస్తున్నాం. ఫ్రంట్ డెస్క్ నేను చూస్తాను. మెనూ కార్డు రెండు భాషల్లో ఉండాలని మా ఓనరు గారి పట్టుదల. ఇంగ్లీషు ఒక డిజైనర్ రాసి పంపారు. దాన్ని ఇంకెవరో మాటకు మాట తెలుగులోకి దించారు. తెలుగు వైపు చదివితే ఆసుపత్రి బోర్డు చదివినట్టుంది. కొన్ని లైన్లు ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నాను.

లోతైన కణజాల చికిత్స: దీర్ఘకాలిక నడుము నొప్పి, సయాటికా నుంచి విముక్తి. రక్తప్రసరణను మెరుగుపరచి శరీరంలోని విషాలను బయటకు పంపుతుంది. 60 నిమిషాలు.

సంతకపు మర్దన: మా ప్రత్యేక చికిత్సకులచే. 75 నిమిషాలు.

విషహరణ శరీర చుట్టుడు: అదనపు బరువు, కొవ్వు కరుగుతాయి. 60 నిమిషాలు.

పాద ప్రతిచర్య చికిత్స: షుగరు, బీపీ అదుపులోకి వస్తాయి. 45 నిమిషాలు.

పంచకర్మ ప్యాకేజీ: నూనె మర్దన, ఆవిరి, శిరోధార. 90 నిమిషాలు.

దేహసుఖ ప్యాకేజీ: జంటలకు.

మా దగ్గరికి పెళ్ళి పనుల మీద వచ్చే ఆడవాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ కుటుంబాలు, ఉద్యోగం మీద వచ్చి హోటల్లో దిగేవాళ్ళు వస్తారు. ఆఖరి లైను చూసి మా అమ్మ కార్డు బల్ల మీద బోర్లా పెట్టేసింది. పైగా ఇలా జబ్బుల పేర్లు రాస్తే నోటీసులు వస్తాయని ఒకరన్నారు. దీన్ని ఎక్కడి నుంచి సరిచేయాలి?

రమణ_ఏడురోడ్లు

శ్రీకాకుళంలో నాకు జిమ్ ఉంది. మా కార్డుకి ఇదే చేశాం. షుగరు, బీపీ, సయాటికా లాంటి జబ్బుల పేర్లు తీసేయండి. "నొప్పులకు మంచిది", "ఆరోగ్యానికి మేలు" అని ఉంచుకోవచ్చు, అవి మామూలు మాటలే. అడుగున చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఇది వైద్యం కాదని ఒక లైను వేస్తే చాలు. అంతకంటే టెన్షన్ పడాల్సిన పని లేదు.

వేణు_అక్షరం

హోటళ్ళకు, నూనెలు, సబ్బులు చేసే చిన్న కంపెనీలకు రెండు భాషల్లో రాతపని చేస్తుంటాను. రమణ గారి మొదటి సగం సరైనదే. జబ్బుల పేర్లు పోవాలి. రెండో సగం మాత్రం మిమ్మల్ని కాపాడదు.

2022 జూన్‌లో కేంద్రం తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. డిస్క్లెయిమర్ గురించి అందులో స్పష్టంగానే ఉంది. పైన తప్పు మాట రాసి, కింద చిన్న అక్షరాలతో దాన్ని సరిదిద్దడం కుదరదు. పైన మాట ఏ భాషలో ఉంటే డిస్క్లెయిమర్ కూడా ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో "నొప్పి పోతుంది" అని, ఇంగ్లీషులో "ఇది వైద్యం కాదు" అంటే రెండు విధాలా తప్పే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఉంది.

1954 నాటి డ్రగ్స్ అండ్ మేజిక్ రెమెడీస్ చట్టం కూడా గుర్తుంచుకోవాలి. దాని షెడ్యూలులో ఉన్న జబ్బులు మందుతో నయమవుతాయని ప్రకటించకూడదు. షుగరు, ఎక్కువ తక్కువ బీపీ, ఊబకాయం, పక్షవాతం, కీళ్ళవాతం, నరాల జబ్బులు ఆ జాబితాలో ఉన్నాయి. ఆ చట్టానికి పైపూతగా వాడేది కూడా మందే. అందుకని ఫలానా నూనెతో కీళ్ళవాతం పోతుందని రాస్తే నేరుగా దాని కిందికి వస్తారు. చేత్తో చేసే మసాజ్ గురించి మాత్రమే గొప్పలు చెప్పుకుంటే 2019 చట్టం చూసుకుంటుంది. కార్డు షాపులోనే ఉంటుంది కదా, ప్రకటన ఎలా అవుతుందని కొందరు వాదిస్తారు. 1954 చట్టం ప్రకటన అనే మాటలోకి నోటీసు, సర్క్యులర్, లేబుల్, ఇతర పత్రం అన్నిటినీ తీసుకుంది.

ఇక "నొప్పులకు మంచిది" గురించి. మెత్తగా వినిపించినా ఆ మాట మోసేది వైద్యమే. మందుల షాపులో వాడే మాట అది. "తగ్గుతుంది, పోతుంది, కరుగుతుంది, అదుపులోకి వస్తుంది, శుద్ధి అవుతుంది" అన్నీ ఆ జాతివే. "నడుము నొప్పా?" అని ప్రశ్న వేసి కింద మసాజ్ పేరు పెట్టినా చదివేవాడికి చేరేది అదే. పక్కన ఎర్రగా వెలిగే వెన్నెముక బొమ్మ వేసినా అంతే.

లావణ్య గారూ, మీ కార్డు సరిచేయాలంటే ఇంగ్లీషును పక్కన పెట్టండి. దాన్ని తెలుగు చేస్తూ కూర్చుంటే ఎప్పటికీ బాగుపడదు. ఒక్కో సేవకు ఒక కాగితం తీసుకుని మీ థెరపిస్ట్‌ను అడగండి: ఒంట్లో ఎక్కడెక్కడ చేస్తారు, దేనితో, ఎంత గట్టిగా, ఎంతసేపు, ఏం వేసుకుని ఉండాలి, ముందుగా ఏం చెప్పాలి, తర్వాత ఎలా ఉంటుంది. ఆ కాగితం చూసి తెలుగు ఒకసారి, ఇంగ్లీషు ఒకసారి, విడివిడిగా రాయండి. జరిగేది చెప్పినప్పుడు గొప్పలకు చోటు ఉండదు, మాటకు మాట దించాల్సిన అవసరమూ రాదు.

మీ మొదటి లైను నేనైతే ఇలా రాస్తాను:

డీప్ టిష్యూ మసాజ్. వీపు, భుజాలు, పిక్కల మీద బొటనవేళ్ళతో, మోచేత్తో నెమ్మదిగా, గట్టిగా నొక్కుతూ చేస్తాం. నువ్వుల నూనె వాడతాం. ఒత్తిడి ఎక్కువైతే చెప్పండి, తగ్గిస్తాం. మర్నాడు ఒళ్ళు కాస్త పచ్చిగా అనిపించవచ్చు. 60 నిమిషాలు.

పేరును తెలుగు చేయలేదు, చూడండి. ఆ పేరు ఊళ్ళో వాడుకలోకి వచ్చేసింది. "కణజాలం" అన్నది బయాలజీ పుస్తకంలో మాట. పేరు అలాగే ఉంచి, అదేమిటో కింద వాక్యంలో చెబితే చాలు.

మాస్టారు_బొబ్బిలి

అయ్యా, మీరు చెప్పిన పద్ధతి బాగుంది. కానీ "మసాజ్" ఎందుకు? మర్దనం అనే చక్కని మాట ఉండగా తెలుగు వైపు కూడా ఇంగ్లీషే రాస్తే ఇక రెండు భాషలెందుకు? అలాగే ఆవిరి స్నానం, అభ్యంగనం అని రాయొచ్చు కదా.

పనిలో పనిగా ఒకటి అడుగుతాను. నాకు కుడి మోకాలు రెండేళ్ళుగా ఇబ్బంది పెడుతోంది, మెట్లు దిగలేకపోతున్నాను. ఈ జాబితాలో నాకు ఏది సరిపడుతుంది?

గీత_థెరపిస్ట్

మాస్టారూ, మెట్లు దిగలేకపోతుంటే ముందు ఎముకల డాక్టరుకి చూపించండి. స్పాలో మేము మోకాలు బాగుచేయలేం, చేస్తామని చెప్పనూ కూడదు. డాక్టరు గారు పరవాలేదంటే అప్పుడు హాయి కోసం రావచ్చు.

మాటల సంగతికొస్తే, నేను రోజూ వినేది మసాజే. పెద్దవాళ్ళు "ఒళ్ళు పట్టించుకోవాలి" అంటారు. మర్దన అంటే అర్థమవుతుంది కానీ ఫోన్ చేసి "మర్దనకు టైమ్ ఉందా" అని అడిగినవాళ్ళు నాకు తగల్లేదు. ఆవిరి స్నానం మాత్రం మాస్టారు గారు చెప్పినట్టే పెట్టండి, అందరూ అనే మాటే. ఉత్తినే ఆవిరి పట్టడం అని రాస్తే జలుబుకి దుప్పటి కప్పుకుని పట్టేది అనుకుంటారు.

వేణు గారు రాసిన దాంట్లో ఒక చిక్కు ఉంది. "ఒత్తిడి ఎక్కువైతే చెప్పండి, తగ్గిస్తాం." గదిలో నేను ఇలా అంటే చేతి బరువు గురించేనని అర్థమవుతుంది. కార్డు మీద చదివినవాళ్ళకు మనసులో ఒత్తిడి తగ్గిస్తామన్నట్టు ఉంటుంది. అప్పుడు మీరు వద్దన్న మాట మళ్ళీ వచ్చి కూర్చున్నట్టే. "మరీ గట్టిగా అనిపిస్తే చెప్పండి, మెల్లగా చేస్తాం" అనండి.

ఒంటి భాగాల పేర్లు కూడా జాగ్రత్త. నేను ఇదివరకు పనిచేసిన చోట కార్డు మీద బ్యాక్ మసాజ్‌ను "వెనుక మర్దన" అని వేశారు. మగవాళ్ళు అది చూసి ఇబ్బందికరమైన ప్రశ్నలు వేసేవారు. వీపు అని రాస్తే ఏ గొడవా లేదు. కాళ్ళ మసాజ్‌కి "కాళ్ళు పట్టడం" అని రాయకండి, బతిమాలడం అయిపోతుంది. "దేహసుఖం" మాట ఇప్పుడే తీసేయండి. అలాంటి మాట చూసి వచ్చేవాళ్ళు గదిలో ఎలా ప్రవర్తిస్తారో పడేది మేము. "చికిత్సకులు" కూడా వద్దు, థెరపిస్ట్ అనండి.

వేణు_అక్షరం

గీత గారూ, "ఒత్తిడి" గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. లావణ్య గారూ, ఆ వాక్యం గీత గారి మాటల్లోనే పెట్టుకోండి.

మాస్టారు గారికి గౌరవంతో ఒక మాట. మీ ప్రశ్నే ఈ చర్చకు పెద్ద సాక్ష్యం. మీరు కార్డు చదివి మోకాలికి ఏది సరిపడుతుందని అడిగారు. "చికిత్స" అని తెలుగులో కనబడితే ఎవరైనా అలాగే చదువుతారు. ఇంగ్లీషు స్పాల్లో ఫేషియల్ కూడా ట్రీట్‌మెంటే, అక్కడ ఆ మాటకు బరువు లేదు. తెలుగులో చికిత్స అంటే డాక్టరు, రోగం, నయం కావడం. అందుకే కార్డు మొత్తంలో ఆ మాట ఒక్కటి కూడా ఉండకూడదంటాను. కావాలంటే "సేవలు" అని హెడ్డింగు పెట్టండి, లేదా ఏ హెడ్డింగూ లేకుండా పేర్లు వేయండి.

ఆయుర్_శ్రీకాకుళం

నేను ఆయుర్వేద వైద్యుణ్ణి. పంచకర్మ ప్యాకేజీ అన్న లైను గురించి చెప్పాలి. పంచకర్మలంటే వమనం, విరేచనం, వస్తి, నస్యం, రక్తమోక్షణం. వాంతి చేయించడం, విరేచనం చేయించడం లాంటివి, రోగిని పరీక్షించి వైద్యుడి పర్యవేక్షణలో చేసేవి. నూనె మర్దన, ఆవిరి ఆ ఐదింటిలో లేవు. అవి ముందు ఒంటిని సిద్ధం చేసే పూర్వకర్మలు. శిరోధార కూడా ఆ ఐదింటిలోది కాదు. కాబట్టి 90 నిమిషాల్లో నూనె, ఆవిరి, ధార ఇచ్చి పంచకర్మ అనడం రెండు భాషల్లోనూ అబద్ధమే అవుతుంది. సంస్కృతం పేరు గదా, రెండు వైపులా అలాగే వేసేద్దాం అనుకుంటారు చాలామంది. అనువాదం సమస్య లేదు నిజమే, అర్థం సమస్య ఉంది.

కటివస్తి, జానువస్తి కూడా కొన్ని స్పాలు పెడుతున్నాయి. నడుము మీదో మోకాలి మీదో మినప్పిండి ముద్దతో గట్టు కట్టి అందులో గోరువెచ్చని నూనె నిలబెడతాం. పేరులోనే నడుము, మోకాలు ఉన్నాయి, ఎవరైనా నొప్పి కోసమే వస్తారు. వైద్యుడు లేని చోట మెనూలోకి దాన్ని తేవద్దు. శిరోధార మాత్రం జరిగేది చెప్పి పెట్టుకోవచ్చు: నుదుటి మీద గోరువెచ్చని నూనె సన్నని ధారగా పోస్తాం, కళ్ళ మీద గుడ్డ కప్పుతాం, జుట్టంతా నూనె అవుతుంది. ఆఖరి మాట తప్పకుండా రాయండి, ఫంక్షన్‌కి వెళ్ళే ముందు వచ్చి గొడవపడేవాళ్ళుంటారు.

లావణ్య_విజయనగరం

అందరికీ కృతజ్ఞతలు. పంచకర్మ, దేహసుఖం తీసేశాం. రెండోది "జంటలకు: ఒకే గదిలో ఇద్దరికీ మసాజ్" అయింది. సంతకపు మర్దనకు "మా ప్రత్యేక మసాజ్" అని పెట్టి, అందులో ఏం చేస్తారో వేణు గారు చెప్పిన పద్ధతిలో రాశాను.

ఇంకా మూడు మిగిలాయి. బాడీ ర్యాప్‌ని ఎలా చెప్పాలి? "చుట్టుడు" అంటే శవానికి గుడ్డ చుట్టినట్టు ఉందని మా పిన్ని అంది. పాదాలది ఎలా? బాడీ స్క్రబ్‌కి మంచి తెలుగు మాట ఉందా?

పద్మ_బ్యూటీపార్లర్

అమ్మా, స్క్రబ్‌కి మాట వెతుక్కోవడమెందుకు? నలుగు. మా పార్లర్‌లో పెళ్ళికూతుళ్ళకి "నలుగు ప్యాకేజీ" అని బోర్డు పెట్టాను, అడిగి మరీ చేయించుకుంటారు. ఆ మాట వినగానే పెసరపిండి, పసుపు, నూనె కళ్ళ ముందుకొస్తాయి. ఏ వర్ణనా అక్కర్లేదు. తల నూనెకి "తలంటు" అని పెట్టండి. ఒకటే జాగ్రత్త, పసుపు తువ్వాళ్ళకీ బట్టలకీ అంటుకుంటుందని ముందే రాయండి.

వేణు_అక్షరం

పద్మ గారి మాట బంగారం, ఒక షరతు మీద. నిజంగా సున్నిపిండి, పెసరపిండి వాడితేనే నలుగు అనండి. లావణ్య గారి దగ్గర డబ్బాలో వచ్చే పంచదార స్క్రబ్ వాడుతుంటే నలుగు అనడం సరుకు గురించి తప్పు చెప్పడమే. అప్పుడు "బాడీ స్క్రబ్: పంచదార పలుకులు, కొబ్బరినూనె కలిపి ఒళ్ళంతా మెల్లగా రుద్ది, గోరువెచ్చని నీళ్ళతో కడుగుతాం" అని రాయండి. తలంటు అంటే నూనె పెట్టి, రుద్ది, తలస్నానం చేయించే దాకా. మీరు తలస్నానం చేయించకపోతే "తలకు నూనె మసాజ్" అనడమే నిజాయితీ.

బాడీ ర్యాప్‌కి పేరు అలాగే ఉంచి వాక్యంలో "కప్పుతాం" అనే క్రియ వాడండి. "ఒంటికి ముల్తానీ మట్టి పూసి, పల్చని షీటు, దానిపై దుప్పటి కప్పి 20 నిమిషాలు ఉంచుతాం. మధ్యలో వేడిగా అనిపిస్తే చెప్పండి, తీసేస్తాం." మీ అసలు సమయం వేసుకోండి. "విషహరణ" పోవాలి, తెలుగులో అది పాము కాటు మాట. బరువు, కొవ్వు అసలు వద్దు. చెమట పట్టి కాస్త నీరు పోయి కొలత తగ్గినట్టు కనబడినా, మంచినీళ్ళు తాగితే తిరిగి వచ్చేస్తుంది. ఊబకాయం 1954 షెడ్యూలులో ఉందని పైన చెప్పాను.

ఇక పాదాలది, అంటే రిఫ్లెక్సాలజీ. దాని చిక్కంతా పేరుతోనే వస్తుంది. అరికాల్లో ఫలానా చోట నొక్కితే ఫలానా అవయవం బాగుపడుతుందన్న నమ్మకం మీద నిలబడ్డ పేరది. గోడ మీద కాలేయం, కిడ్నీ గుర్తులున్న పాదం బొమ్మ తగిలిస్తే కార్డులో ఏం రాయకపోయినా రాసినట్టే. రెండు భాషల్లోనూ ఫుట్ మసాజ్ అని మార్చండి. తెలుగు వైపు మాత్రమే "అరికాళ్ళ మసాజ్" అని మార్చి ఇంగ్లీషు వైపు పాత పేరు ఉంచకండి. నేను ఎక్కువగా చూసే లోపం ఇదే. ఒక వైపు శుభ్రం చేస్తారు, రెండో వైపు పాత మాట అలాగే బతికి ఉంటుంది.

రమణ_ఏడురోడ్లు

జబ్బుల పేర్లే వద్దంటే, బీపీ ఉన్నవాళ్ళు ముందు చెప్పండి అని కూడా రాయకూడదా? అది రాయకపోతే రేపు ఏదైనా అయితే ఎవరిది బాధ్యత?

గీత_థెరపిస్ట్

అది రాయాలి రమణ గారూ. కార్డు మొదట్లోనే, రెండు భాషల్లోనూ, ఒకే సైజు అక్షరాల్లో. గర్భవతులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, కాళ్ళలో రక్తం గడ్డకట్టిన సమస్య ఉన్నవాళ్ళు, జ్వరం, చర్మం మీద పుండ్లు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళు మసాజ్‌కి ముందు మాతో చెప్పండి అని. ఇది మేం బాగుచేస్తామని చెప్పడం కాదు, మేం చేయకూడనిది అడిగి తెలుసుకోవడం.

మీతో నేను ఒప్పుకోనిది ఒకటుంది వేణు గారూ. "టెన్షన్ తగ్గి హాయిగా ఉంటుంది" అనే మాట ఉండాలి. జనం దాని కోసమే వస్తారు. అది కూడా తీసేస్తే కార్డులో మిగిలేది నూనె, దుప్పటి.

వేణు_అక్షరం

"హాయిగా ఉంటుంది" ఉంచండి, అది అనుభవం. "టెన్షన్ తగ్గుతుంది" దగ్గర నాకు సందేహం. రోజువారీ అలసట అర్థంలో చదివితే తప్పు లేదు. దాని పక్కన "ఆందోళన, నిద్రలేమి" చేరాయంటే మానసిక వైద్యంలోకి వెళ్ళిపోయినట్టే. నేను రాసే కార్డుల్లో "కాసేపు ఫోన్ పక్కన పెట్టి విశ్రాంతిగా గడపండి" దగ్గర ఆగుతాను.

గీత_థెరపిస్ట్

టెన్షన్ మాత్రం నేను వదలను. ఆ మాట ఇంట్లో, బస్సులో, ఆఫీసులో అందరి నోటా ఉండేదే. ఆందోళన, నిద్రలేమి వద్దు, ఒప్పుకుంటాను.

పద్మ_బ్యూటీపార్లర్

లావణ్యా, మీ దగ్గర పోట్లీ మసాజ్ ఉందా? గుడ్డలో మూలికలు మూట కట్టి వేడి చేసి ఒత్తేది. దానికి "మూట కాపడం" అని రాస్తే ముసలమ్మలకు కూడా అర్థమవుతుంది.

ఆయుర్_శ్రీకాకుళం

కాపడం మన ఇళ్ళలో నొప్పి ఉన్నచోట పెట్టేది పద్మ గారూ. బెణికిన కాలికి, పట్టేసిన మెడకి. ఆ మాట రాయగానే నొప్పి తగ్గించడం దాని వెంటే వస్తుంది. పోట్లీ మసాజ్ అనే ఉంచి, "వేడి చేసిన మూలికల మూటతో ఒత్తుతాం" అనండి.

పద్మ_బ్యూటీపార్లర్

మా అమ్మమ్మ చలికాలంలో ఏ నొప్పీ లేకపోయినా ఇసుక మూటతో కాపడం పెట్టించుకునేది. పోట్లీ అంటే మా ఊళ్ళో ఎవరికి తెలుసు? నేనైతే ఆ మాట వాడతాను.

డీటీపీ_సూరి

విజయనగరంలోనే ప్రింటింగ్ పని చేస్తాను. మాటలు తేలాక నా దగ్గరికో ఇంకొకరి దగ్గరికో వస్తారు కాబట్టి చెబుతున్నాను. మీరు ఫోన్లో టైప్ చేసి పంపేది యూనికోడ్. చాలా షాపుల్లో ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో పేజీ కడతారు. కన్వర్టర్‌లో వేస్తే వత్తులు, కొన్ని గుణింతాలు చెదురుతాయి. "టిష్యూ", "ఫేషియల్", "స్క్రబ్" లాంటి మాటల్లోనే ఎక్కువ పోతాయి. పేపరు మీద ప్రూఫ్ తీయించి, ఇంగ్లీషు తెలియని ఒకరితో తెలుగు వైపు పైకి చదివించండి. ఇంకోటి, తెలుగుకి కింద వత్తులుంటాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లీషు కంటే ఎక్కువ వదలాలి. జాగా చాలదని తెలుగు అక్షరం చిన్నది చేయకండి, ముఖ్యంగా ఆ జాగ్రత్తల లైనులో.

వేణు_అక్షరం

సూరి గారు చెప్పిన చదివించడం దగ్గరే ఇంకో పని కూడా చేయండి. చదివినాయన్ని "ఇక్కడ మీకు ఏం చేస్తారు?" అని అడగండి. "నూనె రాసి వీపు గట్టిగా నొక్కుతారట" అంటే ఆ లైను బాగుంది. "నడుం నొప్పి పోతుందట" అంటే ఎక్కడో ఒక మాట మిగిలిపోయింది, ఆయన్నే అడిగి ఆ మాట మీద వేలు పెట్టించుకోండి. ఇంగ్లీషు వైపుకు కూడా తెలుగు చూడని ఇంకొకరితో ఇదే చేయించండి.

లావణ్య_విజయనగరం

ఇవాళ మధ్యాహ్నం మా వాచ్‌మన్ గారితో చదివించాను. డీప్ టిష్యూ దగ్గర "మోచేత్తో నొక్కుతారా? నాకొద్దమ్మా" అన్నారు. ఫుట్ మసాజ్, ర్యాప్ సరిగ్గా చెప్పారు. శిరోధార దగ్గర మాత్రం "తలనొప్పికా?" అన్నారు. రాసిన వాక్యాల్లో తలనొప్పి మాటే లేదు. చూస్తే పక్కన డిజైనర్ పెట్టిన బొమ్మలో ఒకావిడ కణతలు పట్టుకుని కూర్చుంది. ఆ బొమ్మ తీసి ధార పాత్ర ఫొటో పెట్టమన్నాను.

పోట్లీ లైను ఇంకా తేలలేదు. మా ఓనరు గారు పద్మ గారి వైపు, నేను డాక్టరు గారి వైపు ఉన్నాం. ఆ లైను ఖాళీగా వదిలి మిగతా కార్డు ప్రూఫ్‌కి పంపుతున్నాను. సూరి గారూ, మీ షాపు ఆదివారం తెరుస్తారా?

డీటీపీ_సూరి

మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఉంటాను. ఫైలు పీడీఎఫ్ ఒకటి, వర్డ్ ఒకటి, రెండూ తెండి. ఇంగ్లీషు కార్డు అసలు ఫైలు డిజైనర్ దగ్గర్నుంచి అడిగి పట్టుకోండి, అందులో పాత లైన్లు తీసేశారో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.